గడ్డం మీది గాటు

ఆ వీధిలో పార్లరమ్మను ఎరగనివాళ్లు రెండు రకాలు: ఇంకా పుట్టనివాళ్లు, పుట్టి బట్టతల వచ్చినవాళ్లు. రెండో రకంలో కూడా సగం మంది పెళ్లాలను దింపడానికి వచ్చి, గుమ్మం బయట నిలబడి, పాత వారపత్రికలు అట్ట నుంచి అట్ట దాకా కంఠస్థం చేసినవాళ్లే.

పార్లరంటే పెద్ద మేడ అనుకునేరు. ఒక గది, రెండు కుర్చీలు. ఎడమ కుర్చీ బాగానే ఉండేది. కుడి కుర్చీకి గాలి నిలవదు. మనిషి కూర్చున్న క్షణం నుంచి నెమ్మదిగా దిగుతూ, కనుబొమలు పూర్తయ్యేసరికి అద్దంలో నుదురు మాత్రమే మిగిల్చేది. గదికి ఆనుకుని ప్లైవుడ్ చెక్క అవతల మొగుడి టైలరు షాపు. ఆయన మాటల మనిషి కాదు. ఇవతల ఏదైనా సంగతి నడుస్తుంటే కుట్టు మిషను చప్పుడు ఆగిపోయేది. ఆగిందంటే వింటున్నాడని పార్లరమ్మకు గుర్తు.

అలాంటి పార్లరుకు కష్టం మెయిన్ రోడ్డు మీద నుంచి వచ్చింది. అక్కడ కొత్తగా ఒక ఏసీ సెలూను తెరిచారు. తలుపు తీస్తే లోపలి చలికి ఎదురుగా ఉన్న పళ్లబండివాడు స్వెట్టరు కొనుక్కున్నాడని చెప్పుకునేవారు. ఆ సెలూనాయన ఒకరోజు స్వయంగా వచ్చి, దిగే కుర్చీలో కూర్చుని, దిగుతూనే మాట్లాడాడు. పెళ్లికూతుళ్ల మేకప్ విభాగం మొత్తం మీ చేతిలో పెడతాను, నెల జీతం ఇస్తాను, షరతు ఒకటే, ఈ షాపు మూసెయ్యాలి, ఈ పేరు మీద ఎక్కడా పని చెయ్యకూడదు అన్నాడు. పార్లరమ్మ నెలాఖరు దాకా గడువు అడిగింది.

ఆ సాయంత్రం మొగుడితో లెక్క తేల్చి చెప్పింది. ఈ పెళ్లిళ్ల కాలానికి ఆరు ప్యాకేజీలు బుక్కయితే బోర్డు ఉంటుంది, కాకపోతే దింపేసి జీతానికి పోతుంది. ఆ బోర్డు పదిహేనేళ్ల కిందటిది. అక్షరాలు ఆవిడే పెన్సిలుతో గీసి, పెయింటరు చేత రంగు నింపించుకుంది. టైలరు తల ఊపి, సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఆయన తల ఊపడంలో సరే, వద్దు, చూద్దాం మూడూ ఉండేవి.

ఆరు ప్యాకేజీలు ఊరికే రావు కదా, ఫోనులో పోస్టులు పెట్టాలి. ఆ పని ఆడపడుచు నెత్తిన వేసుకుంది. ఆడపడుచు ఇన్సూరెన్సు ఏజెంటు. వీధిలో అందరూ రేడియో అని పిలిచేవారు. ఆవిడ మాట్లాడటం మొదలెడితే బ్రతికున్నవాడు కూడా తను పోయాక రాబోయే డబ్బు తలుచుకుని మురిసిపోయేవాడు. మొదటి పోస్టుకు ఆవిడ రాసిన వాక్యం ఇది: మా కుర్చీలో కూర్చున్న పెళ్లికూతుర్ని చూసి చందమామ మబ్బు చాటుకు పోయి మూడు రోజులు బయటికి రాలేదు.

పార్లరమ్మ అది కొట్టేసింది. "చందమామ మనకు కస్టమరు కాదు. ఎంత, ఏముంది, ఏం లేదు, అవి రాయి."

"అంత చప్పగా రాస్తే ఎవరొస్తారు వదినా? కరెంటు బిల్లులా ఉంటుంది."

"కరెంటు బిల్లు అందరూ చివరిదాకా చదువుతారు."

చివరికి రాజీ కుదిరింది. మాటలు వదినవి, ఫోటో ఆడపడుచుది. పోస్టు ఇలా వెళ్లింది:

"పెళ్లికూతురి ప్యాకేజీ పన్నెండు వేలు. ముఖం, జుట్టు, అతికించే కనురెప్పల వెంట్రుకలు, దుస్తులు సర్దడం, మధ్యలో ఒకసారి టచప్ ఇందులోనే. ఊళ్లో అయితే ప్రయాణ ఖర్చు లేదు. ఊరి బయటికి వెళ్తే దూరాన్ని బట్టి ముందే చెబుతాం. తెల్లవారుజామున ఐదుకు ముందు రమ్మంటే వెయ్యి ఎక్కువ. సవరం మీది కాకపోతే అద్దె ఐదు వందలు. ఇంట్లోవాళ్లకు ఒక్కొక్కరికి రెండున్నర వేలు. ఇవి కాక మరొక్క పైసా అడగం. పెళ్లికి కనీసం మూడు వారాల ముందు ట్రయలు వేయించుకోండి, పదిహేను వందలు. బుక్ చేసుకుంటే అది ప్యాకేజీలో తగ్గిస్తాం. చేసుకోకపోతే తిరిగి ఇవ్వం, రెండు గంటల పని, సామాను ఖర్చయింది కనుక. ట్రయలుకు రెండు రోజుల ముందు చెవి వెనక కొద్దిగా రాసి చూస్తాం. పడకపోతే పని చెయ్యం, డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం."

దాని కింద ఫోటో. కిందటి పెళ్లిళ్ల కాలంలో పెళ్లయిన ఒక లైబ్రేరియన్‌ది. పోస్టులో పెట్టడానికి ఆ అమ్మాయి నోటి మాటతోనే ఒప్పుకుంది. పెళ్లినాడు రేడియో తన కొత్త ఫోనుతో తీసి, అప్పటి నుంచి పాలసీ అమ్మిన ప్రతి చోటా చూపిస్తూనే ఉంది. ముఖం గుడ్డు మీద నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ ఫోటోకు వచ్చిన మెచ్చుకోళ్లు చూసి ఆడపడుచు రెండు రోజులు నేల మీద నడవలేదు. ఇరవయ్యో తేదీకల్లా ఐదు బుకింగులు వచ్చాయి. ఇంక ఒక్కటే కావాలి.

ఆ ఒక్కటీ లెక్కల టీచరు రూపంలో వచ్చింది.

ముందు ఫోను చేసింది. పన్నెండు వేలలో కనురెప్పలు ఉన్నాయంటే ఒక జతా, ఊడితే ఇంకో జత కూడానా? ఉదయం ఐదుకు రమ్మంటే ఐదుకు బయల్దేరడమా, ఐదుకు చేరడమా? టచప్ ఒకసారి అంటే ఎంతసేపట్లోపు? పార్లరమ్మ ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చెప్పలేని ఒకటీ రెండూ రాసి పెట్టుకుని పోస్టులో చేర్చింది. అవతల తృప్తిగా ఒక నిట్టూర్పు వినిపించింది, సున్నాకు సున్నా సరిపోయినప్పటి నిట్టూర్పు. టీచరుకు తను కాక అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు కూడా. నలుగురి పని. ఆ రోజు టైలరు మిషను చాలాసేపు ఆగింది.

మంగళవారం చెవి వెనక రాసింది. గురువారం టీచరు వచ్చి చెవి మడిచి చూపించింది. ఎరుపు లేదు, దురద లేదు. ఎడమ కుర్చీలో కూర్చుంది. మనిషి చామనచాయ, చక్కని కళ్లు. కుడి బుగ్గ మీద శనగగింజ పట్టేంత గుంట, చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటిది. పార్లరమ్మ రెండు గంటలు వంచిన నడుము ఎత్తలేదు. గుంట చుట్టూ ఉన్న నల్లదనం రంగుతో సరిపోయింది, కళ్లు తీరాయి, జుట్టు ముప్పై రెండు పిన్నులతో నిలిచింది. ఎన్ని పిన్నులు పెట్టిందో చీటీ మీద రాసి ఇవ్వడం ఆవిడ అలవాటు. ఆ ఒక్క చీటీ వల్ల, తలలో మిగిలిన పిన్ను గుచ్చుకోకుండా, వీధిలో ఎన్ని దిండ్లు బ్రతికాయో లెక్కలేదు.

టీచరు అద్దంలో చూసుకుంది. ఫోను తీసి లైబ్రేరియన్ ఫోటో చూసింది. మళ్లీ అద్దం, మళ్లీ ఫోను. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు.

"గుంట అలాగే ఉంది కదండీ," అంది.

పార్లరమ్మ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. రంగు తేడా అయితే రంగుతో కప్పొచ్చు. పల్లం పల్లమే, రంగుతో పూడదు. పక్కనుంచి వెలుతురు పడితే నీడ కనిపిస్తుంది. మందంగా రాస్తే ఇంకా పగిలి కనిపిస్తుంది.

"మరి ఈవిడకి ఎలా పూడింది? ఈవిడ మా స్కూల్లోనే పని చేస్తుంది. గడ్డం మీద ఇంత గాటు ఉంటుంది. సైకిలు మీంచి పడిందట. రోజూ చూస్తాను. ఫోటోలో లేదు. అది చూసే నేను వచ్చాను."

పార్లరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. గాటు ఆవిడకు బాగా గుర్తుంది. ఆ రోజు బ్రష్షు దాని మీదుగా పోతుంటే గట్టు దాటినట్టు తగిలింది. ఇది పోదమ్మా అని ఆ అమ్మాయికి చెప్పింది కూడా. ఫోటోలో మాత్రం గడ్డం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. గాటే కాదు, ముక్కు పక్క మడత, కంటి కింద గీత, ఏవీ లేవు. ఇన్నాళ్లూ ఆ ఫోటోలో తన కనుబొమల పని చూసుకుని మురిసిందే కానీ, ముఖం చూడలేదు.

"ఇది నేను చేసింది కాదు," అంది చివరికి. చెక్క అవతల మిషను ఆగింది. "ఎలా జరిగిందో తెలుసుకుంటాను. మీకు మాత్రం ఇంతకంటే చెయ్యలేను. ఎవరూ చెయ్యలేరు."

టీచరు ఆలోచించుకుంటానంది. పార్లరమ్మ సొరుగు తెరిచి పదిహేను వందలూ తిరిగి ఇచ్చింది. ట్రయలు డబ్బు ఇవ్వమని పోస్టులో ఉంది కదా అని టీచరు గుర్తుచేసింది. పోస్టులో మాటలు నిజమే, ఫోటో కాదు, మీరు ఫోటో చూసి వచ్చారు అంది పార్లరమ్మ. టీచరు డబ్బు లెక్కపెట్టుకుని, పిన్నుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆరో బుకింగు ఆ గుమ్మం దిగి వీధి మలుపు తిరిగేదాకా పార్లరమ్మ చూస్తూ నిలబడింది.

సాయంత్రం రేడియో వచ్చింది. ఫోటో నువ్వు దిద్దావా అంటే, తన పిల్లల మీద ఒట్టు వెయ్యబోయి, పిల్లలు లేరు కనుక పాలసీల మీద ఒట్టు వేసింది. అప్పుడు టైలరు ఈ గదిలోకి వచ్చి, నన్నొక ఫోటో తియ్యి అన్నాడు. ఆ నెలలో ఆయన అన్న పొడుగాటి వాక్యం అదే. రేడియో తీసింది. ముగ్గురూ చూశారు. ఫోటోలో టైలరుకు ముడతలు లేవు, ముక్కు మీది కళ్లజోడు అచ్చు లేదు, మూడు రోజుల గడ్డం లేదు. ఇంకో నిమిషం పెడితే పాలపళ్లు వచ్చేలా ఉన్నాడు.

"ఇతను పెళ్లిచూపులకు పనికొస్తాడు," అన్నాడు టైలరు, మళ్లీ మిషను దగ్గరికి పోతూ.

ఫోను కొన్న రోజు నుంచే కెమెరాలో అందంగా చూపించే ఏర్పాటు వేసి ఉంది. ఎవరూ వెయ్యలేదు, కనుక ఎవరూ తియ్యలేదు. రేడియో అందులో తప్పేముందని వాదించింది. అందరి పోస్టులూ అంతే వదినా, ఏసీ సెలూనువాళ్ల ఫోటోల్లో మనుషులకు చర్మ రంధ్రాలే ఉండవు, వాళ్లు ఊపిరి ఎలా పీలుస్తున్నారో అంది. పార్లరమ్మ వినలేదు. ఫోటో తీసేయించింది. తర్వాత బుకింగుల పుస్తకం ముందు పెట్టుకుని ఐదుగురికీ ఫోను చెయ్యడం మొదలుపెట్టింది.

"నెలాఖరు ముందర ఇదేం పని వదినా? ఉన్నవి కూడా పోతాయి."

"ముహూర్తం రోజు అద్దం ముందు పోవడం కంటే ఇప్పుడు పోతే మేలు. నాకైతే చీవాట్లతో పోతుంది, ఆ పిల్లకు అది పెళ్లి."

మొదటి అమ్మాయి తను ఫోటో చూడలేదంది, ధర చూసి వచ్చిందట. రెండో అమ్మాయి తల్లి ఎత్తి, మా పిల్ల ముఖం మాకు తెలియదా, మీరు చేసినంత చెయ్యండి అంది. మూడో అమ్మాయి అసలు ఏ ఫోటో అని అడిగి, ఫోను పెట్టకుండానే వెతికి, తీసేశారే, చూడాల్సింది అని నొచ్చుకుంది. నాలుగో అమ్మాయి ట్రయల్లో చూశాను కదండీ అంది. ఐదో అమ్మాయి మాత్రం, నేను ఆ ఫోటోకే వచ్చాను అంది. అడ్వాన్సు వెనక్కి పంపమంది. పార్లరమ్మ అప్పుడే పంపింది. ఐదు నాలుగయ్యాయి. నెలాఖరుకు ఆరు రోజులు.

మర్నాడు పార్లరు మూసి టీచరు వాళ్ల స్కూలు లైబ్రరీకి వెళ్లింది. లైబ్రేరియన్ బల్ల వెనక పుస్తకాలకు అట్టలు వేస్తోంది. గడ్డం మీద గాటు గాటులానే ఉంది. జరిగింది చెప్పి క్షమించమని అడిగింది పార్లరమ్మ. ఆ అమ్మాయి నవ్వింది.

"నేనూ చూశానండీ. మా అమ్మ ఆ పోస్టు చూసి, పిల్ల బావుంది, ఎవరే అని అడిగింది. నన్నే. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు."

"మరి నాకు చెప్పలేదేమ్మా?"

"మీ వ్యాపారం కదా, చెడగొట్టడం ఎందుకని."

పెళ్లినాడు బంధువు మామూలు కెమెరాతో తీసిన ఫోటో ఒకటి వెతికి ఇచ్చింది. కిటికీ వెలుతురు ముఖం మీద పక్కగా పడుతోంది. కళ్లు, కనుబొమలు, పెదవులు పార్లరమ్మ చేతి పనే. గడ్డం మీద గాటు సైకిలు పనే. ఈసారి పార్లరమ్మ నోటి మాటతో సరిపెట్టుకోలేదు. ఇది పోస్టులో పెట్టడానికి ఒప్పుకున్నాను, వద్దంటే తీసేస్తారు అని కాగితం మీద రాయించి సంతకం తీసుకుంది.

కొత్త పోస్టు పాత ధరలతోనే వెళ్లింది. పైన నాలుగు వాక్యాలు చేర్చింది: "ఇంతకుముందు ఇక్కడ పెట్టిన ఫోటోను ఫోను నున్నగా దిద్దింది. మేము చూసుకోలేదు, తప్పు మాదే. మేకప్ రంగును కప్పుతుంది, గాటును, గుంటను పూడ్చదు. ఇక మీద ఇక్కడి ఫోటోలు కిటికీ దగ్గర, ఏ దిద్దుబాటూ లేకుండా తీసినవే."

కింద పెళ్లికి ముందూ వెనకా జాగ్రత్తలు కూడా రాసింది. పెళ్లికి రెండు వారాల ముందు నుంచి కొత్త ఫేషియలు, బ్లీచు, కొత్త క్రీములు వద్దు. పెళ్లయిన రాత్రి ఎంత అలసినా మేకప్‌తో పడుకోవద్దు. ముందు కనురెప్పల జిగురు మీద కంటికి వాడదగ్గ క్లెన్సింగ్ ఆయిలు తడిపిన దూది కాసేపు ఆనించి, వదులయ్యాక తియ్యాలి, లాగకూడదు. తర్వాత ముఖమంతా రుద్దకుండా తుడిచి, మామూలుగా వాడే సబ్బుతోనే కడిగి, క్రీము రాసుకోవాలి. స్ప్రే కొట్టిన జుట్టును పొడిగా దువ్వితే సగం దువ్వెనకే పోతుంది. ముందు చీటీ చూసి పిన్నులన్నీ తియ్యండి, ఆనక తలకు పోసుకుని, కండిషనరు పట్టించి వేళ్లతో విడదియ్యండి. మూడు రోజులు కనుబొమలు తీయించుకోవద్దు. మంట, వాపు, దద్దుర్లు వస్తే కడిగేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి, మా దగ్గరికి కాదు.

చివరి మాటలు చూసి రేడియో తల పట్టుకుంది. "మా దగ్గరికి కాదు అని రాసిన షాపు ప్రపంచంలో ఇదొక్కటే వదినా."

పాత ఫోటోకు వందల మెచ్చుకోళ్లు వస్తే, కొత్తదానికి పందొమ్మిది వచ్చాయి. అందులో ఒకటి టైలరుది. ఎలా నొక్కాలో తెలియక ఆయన రెండోసారి నొక్కితే వచ్చింది పోయి, మూడోసారి నొక్కితే వచ్చింది.

నెలాఖరు రోజు వచ్చింది. మధ్యాహ్నం దాకా పార్లరుకు వచ్చినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ కనుబొమలకే. రేడియో బుకింగుల పుస్తకం తిరగేసి, ఆరో గడిలో నా పేరు రాసుకో, ఐదో గడికి ఎవర్నైనా చూద్దాం అంది. ఆవిడకు నలభై నిండాయి, ఇంతవరకు ఏ పెళ్లికొడుకూ ఆవిడ మాట మధ్యలో తన మాట దూర్చలేకపోయాడు.

"ట్రయలు తేదీ చెప్పు, రాస్తాను," అంది పార్లరమ్మ. రేడియో పుస్తకం మూసేసింది.

నాలుగింటికి లెక్కల టీచరు వచ్చింది. చేతిలో గీతల నోటు పుస్తకం. ఎడమ కుర్చీలో ఎవరో ఉంటే కుడి కుర్చీలో కూర్చుని, దిగుతూ, లెక్క చెప్పింది. ఈ వారంలో ఇంకో రెండు చోట్ల ట్రయలు వేయించుకుందట, ఒకటి ఏసీ సెలూన్లోనే. అక్కడ ఆఫరు ఎనిమిది వేలు. కనురెప్పలు, సవరం, దుస్తులు సర్దడం, ప్రయాణం, పొద్దున్నే రావడం అన్నీ విడివిడిగా కలిపితే పదిహేను వేల ఏడు వందలు తేలింది.

"అది సరే. గుంట సంగతి చెప్పండి," అంది పార్లరమ్మ, ఉండబట్టలేక.

"మూడు చోట్లా అద్దంలో గుంట అలాగే ఉంది. ఆ రెండు చోట్లా పోయిందన్నారు. మీరొక్కరే పోలేదన్నారు." టీచరు అప్పటికి అద్దంలో కళ్ల దాకా దిగింది. "నేను రోజూ పిల్లల జవాబులు దిద్దుతాను. తప్పు జవాబు రాసి సరైందని వాదించేవాళ్లతో పెళ్లిరోజు పెట్టుకోలేను. నలుగురికీ రాసుకోండి."

పార్లరమ్మ పుస్తకం తెరిచి రాసుకుంది. ఊళ్లోనే, తెల్లవారుజామున నాలుగున్నరకు, వెయ్యి ఎక్కువ. టీచరు ఆ వెయ్యిని ముందే కలుపుకుని వచ్చింది. ఇదివరకు ఇచ్చేసిన పదిహేను వందలు తగ్గించబోతే, ఆ రోజు నేను కట్టిందేమీ మీ దగ్గర లేదు, తగ్గిస్తే మీ లెక్క తప్పు అని వారించింది.

టీచరు వెళ్లాక పార్లరమ్మ లెక్క చూసింది. ఐదు. ఆరు కాదు. చెక్క అవతల మిషను ఆగి చాలాసేపైంది. అన్న మాట అన్న మాటే. ఆవిడ గుమ్మం లోంచి బోర్డు వైపు చూసింది, దాన్ని దింపడానికి నిచ్చెన ఎవరింట్లో ఉందో గుర్తు తెచ్చుకుంది. తర్వాత సెలూనాయనకు ఫోను చేసింది. ఉన్న ఐదు పెళ్లిళ్లూ మాట ఇచ్చినట్టే తన పేరు మీద చేసి, ఆపైన వస్తానని చెప్పాలనుకుంది.

సెలూనాయన మాత్రం ఆవిడ నోరు తెరవకముందే వేరే సంగతి ఎత్తుకున్నాడు. మీ పోస్టులో ఆ పాత ఫోటో ఏమైంది, ఎందుకు తీసేశారు, మా గోడ మీద నిలువెత్తున వేయించాలని కొలతలు కూడా తీయించాను, మీ ఆడపడుచు పాలసీ అమ్మడానికి వచ్చి ఆ ఫోటో చూపిస్తేనే అసలు మిమ్మల్ని పిలిచాను, అలాంటి చర్మం ఈ ఊళ్లో ఎవరూ తేలేరు, రాగానే మా స్టాఫుకు కూడా అది నేర్పాలి అన్నాడు.

నెల రోజులుగా పార్లరమ్మ తన చేతికి ఖరీదు కడుతున్నారనుకుంది. కట్టిన ఖరీదు తన చేతికి కాదు.

"ఆ పనిమంతురాలు నేను కాదండీ," అంది. "మా ఆడపడుచు ఫోను. కావాలంటే జీతానికి దాన్ని పంపిస్తాను. అది సెలవులు కూడా అడగదు."

అవతల ఆయన ఇంకా ఏదో అంటుండగానే నమస్కారం చెప్పి పెట్టేసింది.

చెక్క అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "ఆరు కాలేదుగా," అన్నాడు టైలరు. తగువుకు కాదు, లెక్క సరిచూసుకోవడానికి.

"కాలేదు. ఐదే. ఆ ఐదూ నావి." బోర్డు సంగతి ఇంక ఎత్తలేదు. "ఆ కుడి కుర్చీ కింద ఏదైనా పెట్టి నిలబెట్టగలవేమో చూడు. ట్రయలుకు వచ్చే టీచరు వాళ్ల అమ్మగారు పొట్టి మనిషట, కూర్చుంటే కనిపించరు."

టైలరు టేపు మెడలో వేసుకుని వచ్చి, కుర్చీ ఎత్తు కొలిచాడు.